ఇంగ్లిష్ పేరా, తెలుగు వాక్యం

ఇంగ్లిష్ పేరాను తెలుగు చేసేటప్పుడు మాటల దగ్గర వచ్చే చిక్కు తక్కువ, వాక్యం దగ్గర వచ్చేది ఎక్కువ. మాటకు మాట నిఘంటువులో దొరుకుతుంది, పక్కన కూర్చున్నవాళ్లను అడిగినా దొరుకుతుంది. కానీ ఇంగ్లిష్ వాక్యం నడిచే దారి వేరు, తెలుగు వాక్యం నడిచే దారి వేరు. ఆ తేడాను పట్టించుకోకుండా వరుసగా మాటలు మార్చుకుంటూ పోతే, ప్రతి పదం తెలుగే అయినా మొత్తం పేరా తెలుగులా ఉండదు. పీటీఐ లాంటి సంస్థల నుంచి వచ్చిన ఇంగ్లిష్ వార్తను గడువులోగా తెలుగు చేయాల్సిన పత్రికల సబ్‌ఎడిటర్లకు ఇది రోజూ ఎదురయ్యే సమస్య. అందుకే వరద వార్త లాంటి చిన్న పేరాను ఉదాహరణగా అల్లుకుని చూస్తే విషయం తేలిగ్గా తెలుస్తుంది.

ఇంగ్లిష్ పేరాను మాటకు మాట దించితే ఇలా తయారవుతుంది:

“భారీ వర్షం అధికారులను ఆనకట్ట గేట్లు తెరవడానికి బలవంతం చేసిన తర్వాత మంగళవారం గ్రామం ముంపునకు గురిచేయబడింది. రెండు వందల కుటుంబాలు ఒక పాఠశాల భవనానికి తరలించబడ్డాయి, ఎక్కడైతే ఆహారం మరియు తాగునీరు అందించబడ్డాయో. ఎలాంటి మరణాలు నివేదించబడలేదు, కానీ ఏవైతే గత నెల తుపానులో దెబ్బతీయబడ్డాయో ఆ రోడ్లు శుక్రవారం వరకు మూసివేయబడి ఉంటాయని ఆశించబడుతోంది. ‘ఆలోచించడానికి మాకు సమయం లేదు’ అని తన కొడుకును తన భుజాలపై మోస్తున్న ఒక మహిళ చెప్పింది.”

ఇందులో అర్థం కానిది ఏదీ లేదు. అయినా చదివేవారు ప్రతి వాక్యం దగ్గరా ఒకసారి ఆగాలి, మనసులో దాన్ని మళ్లీ తెలుగు చేసుకోవాలి. అనువాదకుడు చేయాల్సిన పనిలో సగం పాఠకుడి మీద పడిందన్నమాట.

ముందుగా కంటికి తగిలేది ‘బడు’. ఇంగ్లిష్‌లో కర్మణి వాక్యం ఊరికే రాదు. ఆ భాషలో కర్త, కర్మ తమ చోటును బట్టే తెలుస్తాయి. క్రియకు ముందున్నది కర్త, తర్వాత ఉన్నది కర్మ. కుటుంబాల గురించి చెబుతున్నప్పుడు వాటిని వాక్యం మొదట్లో పెట్టాలంటే క్రియ రూపం మార్చడం తప్ప ఇంగ్లిష్‌కు సులువైన దారి లేదు. తెలుగుకు ఆ ఇబ్బంది లేదు. ‘ను’ అనే విభక్తి తోడుంటే కర్మ వాక్యంలో ఎక్కడున్నా కర్మే. ‘కుటుంబాలను’ అని ముందే పెట్టేసి, చివర్లో ‘తరలించారు’ అంటే సరిపోతుంది. ఎవరు తరలించారన్నది చెప్పకపోయినా ఫర్వాలేదు. కర్త లేని ఆ బహువచన క్రియలో ‘ఆ పని చూసేవాళ్లు’ అనే అర్థం దానంతటదే ఉంటుంది. ‘మా వీధికి రోడ్డు వేశారు’, ‘కరెంటు తీసేశారు’ అని జనం రోజూ అంటూనే ఉంటారు. ఎవరు వేశారని, ఎవరు తీశారని ఎవరూ తడుముకోరు.

కర్త ఎవరో ఇంగ్లిష్‌లో చెప్పి ఉంటే ఆ సంగతి వదిలేయకూడదు. ‘అతడు పోలీసులచేత అరెస్టు చేయబడ్డాడు’ అన్నది ‘అతణ్ని పోలీసులు అరెస్టు చేశారు’ అయితే అతడు వాక్యం మొదట్లోనే ఉన్నాడు, పోలీసులూ ఉన్నారు, పోయిందేమీ లేదు. ఇంకో దారి కూడా ఉంది. తెలుగులో తెంచు–తెగు, విరుచు–విరుగు, ముంచు–మునుగు లాంటి జంట క్రియలు చాలా ఉన్నాయి. ఎవరూ పనిగట్టుకుని చేయని చోట ఆ జంటలో రెండోది హాయిగా ఇమిడిపోతుంది. ‘గ్రామం ముంపునకు గురిచేయబడింది’ అనే బరువు మోయకుండా ‘ఊరు నీట మునిగింది’ అనొచ్చు. అలాగని కనబడు, బయటపడు, మూతపడు లాంటి మాటలను చూసి ఉలిక్కిపడనక్కర్లేదు. అవి మొదటి నుంచీ నోట్లో నలిగినవే. ‘తరలించబడు’, ‘అందించబడు’ లాంటి చోట్లే చిక్కంతా.

రెండో తేడా సంగతులు చెప్పే వరుసలో ఉంది. ఇంగ్లిష్ వాక్యం ఫలితాన్ని ముందు చెప్పి, కారణాన్ని వెనక తగిలించుకోగలదు. తెలుగు వాక్యం ఎక్కువగా జరిగిన క్రమంలోనే సాగుతుంది, ముఖ్యమైన క్రియ చివర్లో వస్తుంది. వాన పడింది, గేట్లు ఎత్తారు, నీళ్లొచ్చాయి. మూడు సంగతులనూ ఒకే వాక్యంలో కుక్కితే తల, తోక కలవవు. అక్కడ రెండు వాక్యాలుగా విడగొట్టి మధ్యలో ‘దాంతో’ అని పెడితే ఊపిరాడుతుంది. ఇంకోచోట దీనికి తలకిందుల పని జరుగుతుంది. ‘తరలించారు మరియు ఏర్పాటు చేశారు’ అని రెండు సమాపక క్రియలను అతకడం కంటే, వ్యాకరణం క్త్వార్థకం అనే రూపంతో ‘తరలించి, ఏర్పాటు చేశారు’ అని కలపడం సహజం. ఇంగ్లిష్‌లో ఎన్ని వాక్యాలుంటే తెలుగులోనూ అన్నే ఉండాలన్న నియమం పెట్టుకుంటే ఈ రెండు పనులూ జరగవు.

‘ఎక్కడైతే’, ‘ఏవైతే’ అన్నవి ఇంగ్లిష్ ‘వేర్’, ‘విచ్’ల నీడలు. వీటి దగ్గర ఒక ప్రశ్న వేసుకోవాలి: ఈ ఉపవాక్యం దేనిగురించో గుర్తుపట్టించడానికి వచ్చిందా, లేక కొత్త సంగతి చెప్పడానికి వచ్చిందా? రోడ్లు ఏవో చెప్పేదైతే నామవాచకానికి ముందు చేర్చాలి: ‘కిందటి నెల తుపానుకు దెబ్బతిన్న రోడ్లు’. బడిలో తిండి పెట్టారన్నది మాత్రం బడిని గుర్తుపట్టించే వివరం కాదు, ఆ తర్వాత జరిగిన పని. దాన్ని కూడా ముందుకు లాగి ‘తిండి, మంచినీళ్లు ఏర్పాటు చేసిన బడికి తరలించారు’ అంటే, కుటుంబాలు రాకముందే అక్కడ అన్నీ సిద్ధంగా ఉన్నాయన్న అర్థం వస్తుంది. వార్తలో సంగతే మారిపోయింది. ‘అక్కడే’ అన్న చిన్న మాటతో ముందుకు సాగితే ఆ ప్రమాదం లేదు. నామవాచకం ముందు విశేషణాలను పేర్చడానికి కూడా ఒక హద్దుంది. ‘కిందటి నెల తుపానుకు దెబ్బతిని, ఇంకా బాగుచేయని, కొండ పక్కగా పోయే, మండల కేంద్రానికి చేర్చే రోడ్డు’ అనేసరికి, రోడ్డు వచ్చేలోపు మొదట విన్నది మరుపున పడుతుంది. ఒకటి, మహా అయితే రెండు చాలు. మిగిలినవి వేరే వాక్యంలోకి పోవాలి.

ఇక మాటల ఎంపిక. ‘ఫోర్స్’ అనగానే ‘బలవంతం’ చేతికొస్తుంది. కానీ తెలుగులో బలవంతం చేసేది మనుషులు, వాన కాదు. వానకు, ఎండకు, అప్పులకు లొంగి మనిషి చేసే పనికి ‘చేయాల్సి వచ్చింది’, ‘చేయక తప్పలేదు’ అన్న వాడుకలున్నాయి. ‘ఓపెన్’కు ‘తెరవడం’ సరైన మాటే అయినా జలాశయం దగ్గర అతకదు. శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో గేట్లు ఎత్తుతారు, దించుతారు. ఆ చోట జనం వాడే మాటను పట్టుకోవాలి.

‘ఎక్స్‌పెక్టెడ్’ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. రోడ్లు మూసి ఉండాలని ఎవరూ ఆశపడరు. అక్కడ చెప్పదలచింది ‘అలా జరిగే అవకాశం ఉంది’ అనే. కాబట్టి ‘తెరవకపోవచ్చు’ అంటే సరిపోతుంది. ఇలాంటి చోట్ల తెలుగుకు ‘గానీ’ అనే చక్కటి ఉపాయం కూడా ఉంది. ‘పది వరకు అతడు రాలేదు’ అని ఇంగ్లిష్ ‘అంటిల్’ను దించితే, పదింటికైనా వచ్చాడా అన్న అనుమానం మిగులుతుంది. ‘పదింటికి గానీ రాలేదు’ అంటే వచ్చాడనీ, ఆలస్యంగా వచ్చాడనీ ఒక్క దెబ్బతో తెలుస్తుంది.

ఇంగ్లిష్ వదిలేసే కొన్ని సంగతులను తెలుగు తప్పనిసరిగా తేల్చి చెప్పాలి. ‘వి’ అంటే మేమా, మనమా? వరద బాధితురాలు విలేకరితో మాట్లాడుతోంది, విలేకరి వరదలో లేడు. కాబట్టి ‘మాకు’. అదే ఒక నాయకుడు సభలో నీటి పొదుపు గురించి ‘వి’ అంటే వినేవాళ్లూ అందులో ఉన్నారు గనుక ‘మనం’. ‘సెడ్’ అన్న ఒక్క క్రియకు అంది, అన్నారు, చెప్పింది, చెప్పారు అని ఎన్నో రూపాలున్నాయి. కష్టంలో ఉన్న పెద్దావిడను ఏకవచనంలో ‘చెప్పింది’ అనడం వార్తలో కరుగ్గా ఉంటుంది. ‘బ్రదర్’ అని ఉంటే అన్నో తమ్ముడో పేరాలో వయసును బట్టి వెతకాలి. ఆధారం దొరక్కపోతే ఊహించకుండా ‘సోదరుడు’ దగ్గర ఆగాలి. ఇంగ్లిష్ మాటిమాటికీ అడిగే ‘తన’ మాత్రం తెలుగుకు అక్కర్లేదు. ‘కొడుకును భుజాన ఎత్తుకున్న మహిళ’ అంటే ఎవరి కొడుకు, ఎవరి భుజం అని ఎవరూ అడగరు.

ఇన్నీ చూసుకున్నాక పేరా ఇలా రావచ్చు:

“భారీ వర్షాలతో అధికారులు జలాశయం గేట్లు ఎత్తాల్సి వచ్చింది. దాంతో మంగళవారం ఊరు నీట మునిగింది. రెండు వందల కుటుంబాలను బడికి తరలించి, అక్కడే తిండి, మంచినీళ్లు ఏర్పాటు చేశారు. ప్రాణనష్టం జరిగినట్టు ఇంతవరకు సమాచారం లేదు. కిందటి నెల తుపానుకు దెబ్బతిన్న రోడ్లను మాత్రం శుక్రవారం దాకా తెరవకపోవచ్చు. ‘ఆలోచించుకునే వ్యవధే లేకపోయింది మాకు’ అన్నారు, కొడుకును భుజాన ఎత్తుకున్న ఓ మహిళ.”

నాలుగు వాక్యాలు ఆరయ్యాయి. ‘కానీ’ పోయి, దాని పని ‘మాత్రం’ చేసింది. ఊరు మునగడమే అసలు వార్త అనుకుంటే ‘మంగళవారం ఊరు నీట మునిగింది. భారీ వర్షాలతో జలాశయం గేట్లు ఎత్తాల్సి రావడమే ఇందుకు కారణం’ అని మొదలుపెట్టినా తప్పులేదు. ఇంగ్లిష్‌లో ఏది ముందుందన్న దానికంటే ఏది ముఖ్యమన్నదే ఇక్కడ లెక్క.

సహజంగా రాయాలన్న ఆరాటం ఒక్కోసారి గీత దాటిస్తుంది. ‘ప్రాణనష్టం లేదు’ అంటే వాక్యం ఇంకా పొట్టిగా, ఇంకా తెలుగుగా ఉంటుంది. కానీ ఇంగ్లిష్ అంత నిక్కచ్చిగా చెప్పలేదు. అలాంటి సమాచారం అందలేదనే చెప్పింది. మర్నాడు ఒక శవం దొరికితే ఇంగ్లిష్ వార్త నిజంగానే నిలబడుతుంది, తెలుగు వార్త అబద్ధమవుతుంది. అలాగే ఆ మహిళ మాటను ‘ఊపిరి పీల్చుకునే తీరిక కూడా లేకపోయింది’ అని మార్చితే నుడికారం బాగుంటుంది గానీ ఆమె ఆ మాట అనలేదు. మూలంలో జాతీయం ఉన్నచోట తెలుగు జాతీయం వెతకాలి. లేనిచోట మాటను మామూలుగానే వదిలేయాలి.

అందుకే పని రెండు విడతలుగా చేస్తే నయం. మొదట ఇంగ్లిష్ పేరా మొత్తం చదివి, కాగితం తిప్పేసి, సంగతిని ఎదుటివారికి చెబుతున్నట్టు రాయాలి. కంటి ముందు ఇంగ్లిష్ వాక్యం లేకపోతే దాని వరుస చేతిని లాగదు. తర్వాత మూలాన్ని మళ్లీ తెరిచి పేర్లు, అంకెలు, రోజులు, ఎవరు ఏం చేశారన్నది, ఎంత ఖాయంగా చెప్పారన్నది ఒక్కొక్కటే సరిచూసుకోవాలి. మొదటి విడతలో పోగొట్టుకున్న వివరం ఏదైనా ఉంటే ఈ రెండో విడతలోనే దొరుకుతుంది. చివరగా తెలుగు పేరాను మాత్రమే పైకి చదవాలి. నాలుక ఎక్కడ తడబడితే, ఏ వాక్యం అర్థం కావడానికి వెనక్కి వెళ్లాల్సి వస్తే, అక్కడ ఇంగ్లిష్ వాక్యం ఇంకా మిగిలే ఉందని గుర్తు.