సీడీ ఉంది, సర్టిఫికెట్ ఏది?

2014లో మహారాష్ట్రలోని జాల్నా అసెంబ్లీ స్థానంలో అర్జున్ పండిత్‌రావ్ ఖోట్కర్ 296 ఓట్లతో గెలిచారు. ఓడిన కైలాస్ గోరంట్యాల్ ఎన్నికల పిటిషన్ వేశారు. సెప్టెంబర్ 27న నామినేషన్ల గడువు మధ్యాహ్నం 3 గంటలు; ఖోట్కర్ పత్రాలు ఆ తర్వాతే అందాయన్నది ఆరోపణ. రిటర్నింగ్ అధికారి ఆఫీసులో వీడియో తీశారు. ఆ రికార్డింగుల సీడీలూ కోర్టుకొచ్చాయి. చిక్కల్లా, వాటికి సర్టిఫికెట్ లేకపోవడమే.

అసలు రికార్డు కెమెరాలోనో కంప్యూటర్‌లోనో ఉంటుంది. సీడీ, పెన్‌డ్రైవ్, ప్రింటవుట్ అన్నీ నకళ్లే. నకలును దిద్దడం ఎంతసేపు? అందుకే అది ఏ పరికరంలోంచి, ఎలా వచ్చిందో, ఆ పరికరం సరిగా పనిచేస్తోందో లేదో బాధ్యుడొకరు సంతకం పెట్టి చెప్పాలని పాత సాక్ష్య చట్టంలోని 65బి సెక్షన్ కోరింది. గోరంట్యాల్ అధికారులను పదేపదే అడిగినా వాళ్లు ఇవ్వలేదు. అయినా హైకోర్టు రిటర్నింగ్ అధికారి వాంగ్మూలాన్నే చాలనుకుని ఎన్నికను రద్దు చేసింది.

2020 జూలై 14న సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. నకలు తెస్తే సర్టిఫికెట్ తప్పనిసరి, నోటిమాట దానికి బదులు కాదు. ఫోన్ యజమానే బోనెక్కి అసలు ఫోన్‌నే చూపిస్తే మాత్రం అక్కర్లేదు. సర్టిఫికెట్ అవతలివాళ్ల చేతిలో ఉండి ఇవ్వనంటే, ఇప్పించమని జడ్జిని అడగాలి. చేయగలిగిందంతా చేసినవాణ్ణి చట్టం అసాధ్యం కోరదు. వేరే సాక్ష్యం కూడా ఉండటంతో ఖోట్కర్ అప్పీలు వీగిపోయింది. నాకు ఇది న్యాయంగానే తోస్తుంది.

2024 జూలై 1 నుంచి ఈ పని భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ చేస్తోంది. సర్టిఫికెట్‌కు ఇప్పుడు రెండు భాగాలు: ఒకటి రికార్డు ఇచ్చేవారు, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఫైలు హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటిది. SHA256 పద్ధతిలో లెక్కిస్తే 64 అక్షరాలూ అంకెల వరుస వస్తుంది. ఫైలులో ఒక్క చుక్క మారినా వరుస మొత్తం మారిపోతుంది. వాట్సాప్‌లో ఫొటో పంపితే మామూలుగా సైజు తగ్గిపోతుంది. చూడ్డానికి అదే బొమ్మ, హాష్ మాత్రం వేరు. క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు పట్టుకునేది అక్కడే.

హాష్ కలిసినంత మాత్రాన కేసు గెలిచినట్టు కాదు. లెక్కించాక ఫైలు మారలేదని అది చెబుతుంది, అంతకుముందు ఏం జరిగిందో చెప్పదు. సర్టిఫికెట్ కూడా రికార్డును గుమ్మం దాటిస్తుందంతే. రికార్డింగ్‌లోని గొంతు ఎవరిదో విడిగా రుజువు చేయాల్సిందే.

కాబట్టి తగాదా మొదలైన రోజే ఆ ఫోన్‌ను పక్కన పెట్టండి, అమ్మకండి, ఫార్మాట్ చేయకండి. సాక్ష్యం ఎదుటి దుకాణం సీసీ కెమెరాలో ఉంటే, పాత దృశ్యాలపై కొత్తవి పడి చెరిగిపోకముందే భద్రపరచమని రాతపూర్వకంగా అడగండి.