నీడ చూపే వేళ, లోలకం లెక్కపెట్టే కాలం

అన్నవరంలో సత్యనారాయణస్వామి వ్రతం ముగించుకుని వచ్చే భక్తుల్లో చాలామంది ఆలయం దగ్గరున్న నీడ గడియారం ముందు కాసేపు ఆగుతారు. పిడపర్తి కృష్ణమూర్తి శాస్త్రి గారు రూపొందించిన గడియారం అది. నీడ ఏ గీత మీద ఉందో చూస్తారు, వెంటనే చేతి గడియారంతో సరిపోల్చుకుంటారు. రెండూ కలిస్తే ఆశ్చర్యపోతారు. పదో పన్నెండో నిమిషాలు తేడా కనిపిస్తే, పాతకాలపు పద్ధతి కదా, ఆ మాత్రం తప్పు ఉంటుందిలే అనుకుంటారు. ఆ తేడా తప్పు కాదు. నీడ గడియారం సూర్యుడు ఈ క్షణాన ఆకాశంలో ఎక్కడున్నాడో చూపిస్తుంది. యంత్ర గడియారం సూర్యుణ్ణి చూడదు. దాన్ని సరిపెట్టి వదిలిన క్షణం నుంచి ఎన్ని ఊపులు గడిచాయో లెక్కపెట్టుకుంటూ పోతుంది. రెండింటి బలమూ బలహీనతా ఈ ఒక్క విషయంలోనే ఉన్నాయి.

ఏటవాలు అంచు ఎందుకు?

ఆరుబయట ఒక కర్ర నిలువుగా పాతి, ఉదయం పది గంటలకు దాని నీడ పడినచోట గీత గీశామనుకుందాం. రెండు నెలలు పోయాక అదే పది గంటలకు చూస్తే నీడ ఆ గీతకు పక్కగా పడుతుంది. సూర్యుడు ఉత్తరాయణంలో ఉత్తరానికీ, దక్షిణాయనంలో దక్షిణానికీ జరుగుతాడు కాబట్టి ఒకే వేళకు నీడ దిక్కు ఏడాది పొడవునా మారుతూనే ఉంటుంది. నిలువు కర్రతో మిట్టమధ్యాహ్నం తెలుస్తుంది గానీ, మిగతా గంటలకు ఒకే గీత పనికిరాదు.

ఈ చిక్కు తీరాలంటే నీడనిచ్చే అంచును ఏటవాలుగా, సరిగ్గా ధ్రువనక్షత్రం వైపు చూసేలా నిలపాలి. ఆ వాలు ఎంతో ఆ ఊరి అక్షాంశమే చెబుతుంది. అన్నవరంలో అయితే 17 డిగ్రీలకు కాస్త ఎక్కువ. అలా నిలిపితే ఆ అంచు భూమి తిరిగే అక్షానికి సమాంతరంగా ఉంటుంది. బండి చక్రం ఇరుసు చుట్టూ తిరిగినట్టు, సూర్యుడు ఆ అంచు చుట్టూ రోజుకొకసారి తిరుగుతున్నట్టు కనిపిస్తాడు. 24 గంటల్లో 360 డిగ్రీలు, అంటే గంటకు 15 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. ఉత్తర దక్షిణాలకు సూర్యుడు జరగడం వల్ల నీడ పొడవు మారుతుంది గానీ, అది పడే గీత మారదు. జనవరిలో గీసిన పది గంటల గీత జూలైలోనూ పనికొస్తుంది.

ఇక గీతలు ఎలా గీయాలన్నది నీడ పడే పలకను బట్టి ఉంటుంది. పలక ఆ అంచుకు లంబంగా ఉంటే గీతల మధ్య దూరం సమానంగా, 15 డిగ్రీల చొప్పున వస్తుంది. జైపూర్‌లో సవాయి జైసింగ్ కట్టించిన సమ్రాట్ యంత్రం ఈ సూత్రం మీదే నడుస్తుంది. దాదాపు 27 మీటర్ల ఎత్తున్న ఆ ఏటవాలు గోడ నీడ, రెండు పక్కలా ఉన్న వంపు తిరిగిన రాతి మెట్ల మీద సెకనుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున జరుగుతుంది. కదులుతున్న నీడను కంటితో చూడొచ్చు.

పలక నేలకు సమతలంగా ఉంటే మాత్రం గీతలు సమానంగా రావు. అన్నవరం అక్షాంశానికి లెక్క కడితే, పన్నెండు గంటల గీతకూ ఒంటిగంట గీతకూ మధ్య కోణం 5 డిగ్రీలు కూడా ఉండదు. అదే అయిదింటికీ ఆరింటికీ మధ్య 42 డిగ్రీలు ఉంటుంది. మధ్యాహ్నపు గీతలు ఇరుకుగా, పొద్దుటి, సాయంత్రపు గీతలు ఎడంగా కనిపించడానికి కారణం ఇదే. లండన్‌లో అయితే పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్యే దాదాపు 12 డిగ్రీలు వస్తుంది. అందుకే ఎక్కడో కొన్న అందమైన ఇత్తడి నీడ గడియారాన్ని తెచ్చి మన పెరట్లో పెడితే అది సరైన వేళ చెప్పదు. నీడ గడియారం ఏ ఊరికి ఆ ఊరిదే.

తప్పుగా అమర్చిన గడియారాన్ని గుర్తుపట్టడం కూడా కష్టం కాదు. పొద్దుట నుంచి సాయంత్రం దాకా తేడా ఒకే వైపు ఉంటే, దాన్ని సరిగ్గా ఉత్తరానికి తిప్పలేదన్నమాట. మధ్యాహ్నం సరిపోయి, పొద్దుట ఒక వైపుకీ సాయంత్రం రెండో వైపుకీ తేడా వస్తుంటే అంచు వాలు తప్పింది.

ఎంత బాగా కట్టినా నీడకు ఒక హద్దు ఉంది. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బింబం. అర డిగ్రీ అంటే రెండు నిమిషాల కాలం. అందువల్ల నీడ అంచు కత్తితో కోసినట్టు ఉండదు, మసకబారి ఉంటుంది. చిన్న గడియారంలో ఆ మసకలో ఒకటి రెండు నిమిషాలు పోతాయి. గడియారాన్ని పెద్దది చేస్తే గీతలతో పాటు మసక కూడా అంతే పెరుగుతుంది. సమ్రాట్ యంత్రం మీద రెండు సెకన్ల గీతలున్నా, అంత సూక్ష్మంగా చదవాలంటే ఒక సన్నని పుల్లనో దారాన్నో మసకలో అడ్డం పెట్టి, దాని నీడ ఎక్కడ మాయమవుతుందో చూసి నీడ అంచును పట్టుకోవాలి.

ఒక పన్ను వదిలితే రెండు సెకన్లు

యంత్ర గడియారానికి ఎండతో పని లేదు. దానికి కావలసింది ఎప్పుడూ ఒకే వ్యవధిలో జరిగే ఒక కదలిక. పాత గడియారాల్లో అడ్డంగా అటూ ఇటూ తిరిగే కమ్మీ ఉండేది. దాని వేగం నిలకడగా ఉండక, రోజుకు పావుగంట దాకా తేడా వచ్చేది. 1656లో డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ దాని స్థానంలో లోలకాన్ని పెట్టాక ఆ తేడా నిమిషం లోపుకి దిగింది. లోలకం ఊపుకు పట్టే కాలం దాని పొడవు మీద, భూమ్యాకర్షణ మీద ఆధారపడుతుంది. కింద వేలాడే గుండు బరువు పెంచినా తగ్గించినా ఆ కాలం మారదు. ఊపు చిన్నగా ఉన్నంతవరకు, అది కాస్త పెరిగినా తగ్గినా తేడా అతి స్వల్పం.

నిలువెత్తు పెట్టె గడియారాల్లో లోలకం పొడవు 99.4 సెంటీమీటర్లు ఉంటుంది. ఒక కొస నుంచి రెండో కొసకు వెళ్లడానికి దానికి సరిగ్గా ఒక సెకను పడుతుంది. దాని పైన లంగరు ఆకారంలో ఒక ముక్క, ఆ కింద 30 పళ్లున్న చక్రం ఉంటాయి. తాడుకు వేలాడే బరువు ఆ చక్రాన్ని ఎప్పుడూ తిప్పాలనే చూస్తుంది, లంగరు దాన్ని ఆపుతుంది. లోలకం ఒక వైపుకి వెళ్లగానే లంగరు ఒక కొక్కెం పైకి లేచి పన్నును వదులుతుంది. చక్రం కొద్దిగా కదలగానే రెండో కొక్కెం ఇంకో పన్నును పట్టేస్తుంది. మనకు వినిపించే ‘టిక్’ ఆ తగిలిన చప్పుడే. లోలకం వెనక్కి వచ్చినప్పుడు ‘టక్’. ఒక్కో పన్ను దాటడానికి రెండు సెకన్లు, 30 పళ్లకు 60 సెకన్లు. అందుకే సెకన్ల ముల్లును నేరుగా ఈ చక్రం ఇరుసుకే బిగిస్తారు. మిగతా పళ్ల చక్రాలు చేసేది భాగహారం. ఈ చక్రం 60 చుట్లు తిరిగితే నిమిషాల ముల్లు ఒక చుట్టు, అది 12 చుట్లు తిరిగితే గంటల ముల్లు ఒక చుట్టు.

పన్ను జారేటప్పుడు లంగరును చిన్నగా నెడుతుంది. గాలి రాపిడికి పోయిన ఊపు ఆ నెట్టుతో తిరిగి వస్తుంది. అంటే బరువు చేసే పని లోలకాన్ని ఆగకుండా చూడటం, కాలాన్ని నిర్ణయించేది లోలకం పొడవు.

ఆ పొడవు ఒక మిల్లీమీటరు పెరిగితే గడియారం రోజుకు 43 సెకన్లు వెనకబడుతుంది. ఎండాకాలంలో వేడి పది డిగ్రీలు పెరిగితే ఇనుప కడ్డీ సాగి రోజుకు దాదాపు 5 సెకన్లు పోతాయి. ఊరు మారినా తేడానే. 1672లో ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఝాఁ రిషే పారిస్‌లో సరిచేసిన గడియారాన్ని భూమధ్యరేఖకు దగ్గరున్న కయేన్‌కు తీసుకెళితే, అక్కడ అది రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. అక్కడ ఆకర్షణ తక్కువ అన్న సంగతి అలా బయటపడింది.

గోడకు తగిలించిన లోలకం గడియారం నిలువుగా ఉందో లేదో చెవితోనే చెప్పొచ్చు. టిక్కుకీ టక్కుకీ మధ్య వ్యవధి సమానంగా ఉండాలి. ఒకటి తొందరగా, ఒకటి ఆలస్యంగా వినిపిస్తే గడియారం పక్కకి ఒరిగినట్టు. సరిచేయకపోతే అది కాసేపట్లో ఆగిపోవచ్చు.

తేడా ఎక్కడిది?

ఇప్పుడు మళ్లీ అన్నవరానికి వద్దాం. మన దేశపు ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గరగా పోతుంది. అన్నవరం ఆ రేఖకు ఎంత దగ్గరంటే, స్థానిక సమయానికీ దేశ సమయానికీ మధ్య తేడా అర నిమిషం కూడా లేదు. అయినా నవంబరు 3 ప్రాంతంలో అక్కడ నీడ పన్నెండు చూపించేసరికి చేతి గడియారంలో 11:44 అవుతుంది. ఫిబ్రవరి 11 ప్రాంతంలో 12:14 దాటుతుంది.

ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నానికి ప్రతిరోజూ సరిగ్గా 24 గంటలు పట్టకపోవడమే దీనికి కారణం. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారి కాస్త కోలగా ఉంది. జనవరి మొదట్లో సూర్యుడికి దగ్గరై వేగంగా, జూలైలో దూరమై నెమ్మదిగా కదులుతుంది. పైగా భూమి అక్షం వాలి ఉంది. ఈ రెండూ కలిసి డిసెంబరు చివర్లో సూర్యుడి రోజును 24 గంటల కంటే 30 సెకన్లు పెంచుతాయి, సెప్టెంబరు మధ్యలో 20 సెకన్లు తగ్గిస్తాయి. రోజుకు కొన్ని సెకన్లే అయినా వారాల తరబడి పోగుపడి పావుగంట అవుతాయి. ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో మాత్రం ఈ తేడా సున్నా. అన్నవరంలో ఆ రోజుల్లో చూసినవాళ్లకే రెండు గడియారాలూ కలిసి కనిపిస్తాయి.

వేరే ఊళ్లలో రేఖాంశం తేడా కూడా కలపాలి. హైదరాబాద్ ఆ రేఖకు 4 డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు ఎప్పుడూ 16 నిమిషాలు ఆలస్యం. నవంబరు మొదట్లో సూర్యుడి 16 నిమిషాల తొందర ఈ ఆలస్యానికి సరిపోతుంది, మిట్టమధ్యాహ్నం సరిగ్గా పన్నెండుకే అవుతుంది. ఫిబ్రవరిలో రెండు ఆలస్యాలూ కలిసి అది 12:30కి జరుగుతుంది.

ఒకదానికొకటి తోడు

నీడ గడియారంలో నిన్నటి తప్పు ఈరోజుకి రాదు. మబ్బు పట్టి వారం రోజులు మూగబోయినా, ఎండ రాగానే సరైన వేళే చెబుతుంది. యంత్ర గడియారం రాత్రీ, వానలోనూ నడుస్తుంది గానీ దాని తప్పు రోజురోజుకీ పోగవుతుంది. ఒకసారి ఆగితే ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలియదు. అందుకే రేడియో, టెలిగ్రాఫ్ లేని రోజుల్లో యూరప్‌లో గడియారాలున్నవాళ్లు నీడ గడియారాన్నీ, తేదీలవారీ సవరణ పట్టికనూ దగ్గర పెట్టుకునేవారు.

ఆ పని ఇవాళ కూడా చేయవచ్చు. ఎండ ఉన్న రోజున నీడ చూపిన వేళకు ఆ తేదీ సవరణా, ఊరి రేఖాంశం సవరణా కలిపి పెట్టె గడియారాన్ని సరిపెట్టాలి. నీడలోనే రెండు నిమిషాల మసక ఉంది కాబట్టి మర్నాడే పోల్చి లాభం లేదు, నెల రోజులు ఆగాలి. అప్పటికి గడియారం 4 నిమిషాలు వెనకబడిందంటే రోజుకు 8 సెకన్లు పోతున్నాయన్నమాట. గుండు కింద ఉన్న మరను తిప్పి గుండును ఒక మిల్లీమీటరులో అయిదో వంతు పైకి జరిపితే ఆ నష్టం ఆగిపోతుంది.