శనగల నీటితో మెరింగ్, మూస్

కాబూలీ శనగలు ఉడికించిన నీటిని మనలో చాలామంది పారబోస్తుంటాము. ఆ నీటికి గుడ్డులోని తెల్లసొన వలె నురుగు పట్టే గుణమున్నదని 2014లో ఫ్రాన్సుకు చెందిన గాయకుడు జోయెల్ రోసెల్ గమనించారు. మరుసటి సంవత్సరం అమెరికా వాసి గూస్ వోల్ట్ ఆ నీటిలో చక్కెర తప్ప మరేమీ కలుపకుండా మెరింగ్ తయారుచేసి, దానికి 'ఆక్వాఫాబా' అని పేరు పెట్టారు. ఉడికేటప్పుడు గింజల నుండి నీటిలోకి దిగే మాంసకృత్తులు, సపోనిన్లు గాలిబుడగలను పట్టి ఉంచుతాయి.

ఒక కప్పు శనగలను రాత్రంతా నానబెట్టి, ఆ నీరు పారబోసి, మూడు కప్పుల మంచినీటితో ఉప్పు వేయక కుక్కరులో మెత్తగా ఉడికించాలి. శనగలను ఆ నీటిలోనే చల్లార్చి, కొన్ని గంటలు ఫ్రిజ్‌లో ఉంచి వడగట్టాలి. నీరు తెల్లసొన వలె జిగురుగా సాగాలి. పలుచగా ఉంటే సన్నని సెగపై మరిగించి చిక్కబరచి, తిరిగి చల్లార్చాలి.

మెరింగ్‌కు ఇటువంటి నీరు అరకప్పు తీసుకుని, అర టీస్పూను నిమ్మరసం చేర్చి, జిడ్డు లేని గిన్నెలో బీటరుతో గిలకొట్టాలి. నురుగు తెల్లబడగానే వంద గ్రాముల చక్కెర పొడిని చెంచా చెంచాగా వేస్తూ పది, పదిహేను నిమిషాలు కొనసాగించాలి. గిన్నె బోర్లించినా నురుగు జారకూడదు. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకూడదు.

ఇక్కడ ఒక భేదము గుర్తుంచుకోవాలి. తెల్లసొన వేడికి గట్టిపడి బుడగలను బిగించి పట్టుకుంటుంది. శనగల నీటికి ఆ శక్తి స్వల్పము. చక్కెర ఆరి గట్టిపడటం వల్లనే ఆకారము నిలుస్తుంది. కనుక దీనిని కాల్చరాదు, ఆరబెట్టాలి. బటర్ పేపరుపై చిన్న చిన్న ముద్దలుగా పెట్టి, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటన్నర నుండి రెండు గంటలు ఉంచి, ఓవెన్ ఆపి లోపలే చల్లారనివ్వాలి. కాగితము నుండి తేలికగా ఊడివస్తే సిద్ధమైనట్లే. సెగ ఎక్కువైతే ముద్దలు కుంగి, గోధుమరంగు తిరిగి, పాకము కారుతుంది. కోస్తా తేమకు త్వరగా మెత్తబడతాయి గనుక, చల్లారిన వెంటనే గాలి చొరబడని డబ్బాలో పెట్టాలి.

మూస్‌కు ఓవెన్ అవసరము లేదు. పాలు కలవని డార్క్ చాక్లెట్ 150 గ్రాములు కరిగించి, గోరువెచ్చగా చల్లారనివ్వాలి. అరకప్పు నీటిని రెండు చెంచాల చక్కెరతో గట్టి నురుగుగా గిలకొట్టి, అందులో మూడవ వంతు మొదట చాక్లెట్‌లో కలిపి, మిగిలినది గరిటెతో క్రింది నుండి పైకి మృదువుగా కలపాలి. చాక్లెట్ వేడిగా ఉంటే నురుగు కరిగిపోతుంది, మరీ చల్లగా ఉంటే పలుకులు కడుతుంది. నురుగు కొంత అణగడం సహజమే. నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచితే చాక్లెట్ గడ్డకట్టి మూస్ నిలుస్తుంది.

శనగ వాసన మెరింగ్‌లో ఆరేకొద్దీ తగ్గుతుంది. రెండింటిలోనూ కాస్త వెనిల్లా చేర్చవచ్చు. అయితే ఈ నీరు నురుగుకు మాత్రమే గుడ్డుకు బదులు, పోషణకు కాదు. అందులోని మాంసకృత్తులు బహు స్వల్పము. పోషణ అంతా శనగలలోనే ఉన్నది. వాటిని సాయంత్రము పోపు పెట్టి గుగ్గిళ్లుగా పిల్లలకు పెట్టవచ్చును.