‘చూసుకుందాం’ అంటే ఏం చూసుకోవడం?

పెళ్లిచూపుల్లో అబ్బాయినీ అమ్మాయినీ పక్కగదిలోకి పంపి ‘మాట్లాడుకోండి’ అంటారు. ఉద్యోగం, సినిమాలు, వంట వచ్చా రాదా అన్న కబుర్లతోనే ఆ పది నిమిషాలూ గడిచిపోతాయి. పిల్లలు, ఉండే ఊరు, పెద్దవాళ్ల ప్రస్తావన వస్తే మాత్రం ‘అవన్నీ తర్వాత చూసుకుందాం’ అనేస్తారు.

ఆ ‘తర్వాత’ ఎంత దూరం పోగలదో 2007లో సుప్రీంకోర్టు తేల్చిన ఒక కేసు చెబుతుంది. భార్యాభర్తలిద్దరూ ఐఏఎస్ అధికారులు, 1984లో పెళ్లయింది. రెండేళ్ల వరకు పిల్లలు వద్దని ఆమె తనంతట తానే నిర్ణయించేసిందన్నది భర్త ఫిర్యాదుల్లో ఒకటి. ఇతర గొడవలూ తోడై 1990 నుంచి విడిగా ఉన్నారు. పదహారేళ్లు దాటాక కోర్టు విడాకులు ఖాయం చేసింది. అసలు పిల్లలే వద్దని భర్తగానీ భార్యగానీ ఒక్కరే నిర్ణయించుకోవడం క్రూరత్వం కిందికి రావచ్చని ఆ తీర్పులో రాసింది.

పెద్దవాళ్ల విషయంలో చిక్కు వేరు. ‘అమ్మానాన్నల్ని చూసుకోవాలి’ అంటే కాదనేవాళ్లుండరు. తకరారంతా ‘చూసుకోవడం’ దగ్గరే.

ఒక జంటను ఊహించుకుందాం. అతను తెనాలిలో ఒక్కగానొక్క కొడుకు, ఆమె ఖమ్మంలో ఒక్కతే కూతురు. ఇద్దరికీ హైదరాబాద్‌లో ఉద్యోగాలు. నాన్న రిటైరయ్యాక వాళ్లు వచ్చి తమతోనే ఉంటారన్నది అతని లెక్క. నెలనెలా డబ్బు పంపడం, ఒంట్లో బాగోకపోతే వెళ్లిరావడం అన్నది ఆమె లెక్క. ఇద్దరూ ‘సరే’ అన్నారు, కానీ వేర్వేరు వాటికి.

కాబట్టి ప్రశ్న గదిలోకి, జీతంలోకి దిగాలి. డబుల్ బెడ్‌రూం ఫ్లాట్‌లో రెండో గది ఎవరిది? అత్తగారికి మోకాలి ఆపరేషన్ అయితే సెలవు పెట్టేదెవరు? ఆమె జీతంలోంచి ఖమ్మానికి ఎంత వెళ్తుంది? ఈ చివరి ప్రశ్నకు చట్టం దన్ను కూడా ఉంది. పెళ్లయిన కూతురికీ తల్లిదండ్రుల పోషణ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది.

అమెరికా సంబంధమైతే వీసా సంగతి తేల్చుకోవాలి. హెచ్-1బీ ఉన్నవారి భార్యకో భర్తకో వచ్చే హెచ్-4తో వెళ్లగానే ఉద్యోగం చేయడం కుదరదు. భాగస్వామి గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత ముందుకు సాగితేనే అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు.

జవాబులో ఎవరు, ఎక్కడ, ఎంత అన్నవి లేకపోతే మాట ఇంకా తేలనట్టే. ‘అమ్మ ఎలా అంటే అలా’ అన్నా అంతే. తేలిన మాటా రాసుకున్న ఒప్పందం కాదు. పిల్లలు అనుకున్నప్పుడు పుట్టకపోవచ్చు, నాన్నకు పక్షవాతం రావచ్చు.

తెనాలి అబ్బాయి, ఖమ్మం అమ్మాయి విడిగా కూర్చుని రెండు గంటలు మాట్లాడుకున్నారనుకుందాం. ఒకే అపార్ట్‌మెంట్‌లో రెండు చిన్న ఫ్లాట్లు అద్దెకు తీసుకోవాలని, రెండోది ఏ పెద్దవాళ్లకు అవసరమైతే వాళ్లకని అనుకున్నారు. ఇద్దరి అమ్మానాన్నలకూ ఒకేసారి అవసరమొస్తే ఎలాగన్నది తేలలేదు. వచ్చే ఆదివారం మళ్లీ కలుస్తున్నారు.