ఆన్‌లైన్ అమ్మకాలు: మూడు ప్యాకెట్లు పంపితే లాభం.. ఒక్కటి పంపితే నష్టం! మహిళా సంఘాలు ముందుగా తెలుసుకోవాల్సిన లెక్క ఇదే

పొడులు, పచ్చళ్లు, అప్పడాలు చేసే మహిళా సంఘాలకు ఇప్పుడు ఆన్‌లైన్‌లో అమ్మాలన్న ఆలోచన గట్టిగానే ఉంది. చేతిలో ఫోన్ ఉంది, చేసే సరుకు బాగుంది. కానీ చాలామంది మొదటి నెలలోనే ఆపేస్తున్నారు. రుచి బాగోక కాదు, లెక్క తేలక. అందుకే సంఘం మీటింగ్‌లో పది నిమిషాల్లో చదివి వినిపించేలా ఈ చిన్న ప్రసంగం. ఉదాహరణకు ఖమ్మం జిల్లాలోని ఒక సంఘం కంది పొడి చేసి హైదరాబాద్‌కు పంపుతోందని అనుకుందాం.

ముందు పొడి.. తర్వాతే పచ్చడి

అక్కలూ, మనం చేసేవి పది రకాలున్నా మొదట ఒక్కటే పెడదాం. అది కూడా పచ్చడి వద్దు, పొడి పెడదాం. పచ్చడిలో నూనె ఉంటుంది. సీల్ కొంచెం వదులైనా దారిలో కారి డబ్బా మొత్తం పాడవుతుంది, కొన్నవాళ్లు డబ్బులు వెనక్కి అడుగుతారు. పొడికి ఆ బాధ లేదు. పొడి పూర్తిగా చల్లారాకే కవర్లో పోసి సీల్ వేయాలి. వేడిగా ఉన్నప్పుడు మూస్తే లోపల చెమ్మ పట్టి ఉండ కడుతుంది. సీల్ వేసిన కవర్‌ను ఒకసారి చేత్తో గట్టిగా నొక్కి చూడండి. గాలి బయటకు వస్తే ఆ ప్యాకెట్ పంపొద్దు.

ధర ఎలా పెట్టాలి?

ఇప్పుడు అసలు లెక్క. 5 కిలోల కంది పొడి చేస్తే 250 గ్రాముల ప్యాకెట్లు 20 వస్తాయి. పప్పు, మిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు కలిపి 900 రూపాయలు అయ్యాయనుకుందాం. గ్యాస్, మర పట్టించడానికి 100. కవర్లు, లేబుళ్లకు 160. ఇద్దరు సభ్యులు ఒక పూట కూర్చుంటే కూలి 600. మొత్తం 1,760 రూపాయలు. అంటే ప్యాకెట్‌కు 88 రూపాయలు. ఇందులో కూలి రాయకపోతే 58 రూపాయలే కనిపిస్తుంది. అది చూసి తక్కువ ధర పెట్టేస్తాం. మన కష్టం లెక్కలోకే రాదు.

ఇక కొరియర్. చాలా కొరియర్ సంస్థలు అరకిలో చొప్పున మెట్లుగా చార్జీ వేస్తాయి. అరకిలోలోపు ఒక రేటు, దాటితే కిలో రేటు. మన ఊళ్లో అడిగితే అరకిలోకు 60, కిలోకు 90 చెప్పారనుకుందాం.

ఒక్క ప్యాకెట్‌ను ఫ్రీ డెలివరీ అని 130 రూపాయలకు పెట్టామనుకోండి. పొడికి 88, అట్టపెట్టెకు 12, కొరియర్‌కు 60. ఖర్చు 160. ఆర్డర్ వచ్చిన ప్రతిసారీ 30 రూపాయలు మన చేతి నుంచి పోతాయి. ఆర్డర్లు పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది.

పోనీ రెండు పంపితే? పొడి సరిగ్గా అరకిలో, దానిపై కవర్లు, అట్టపెట్టె బరువు కలిస్తే అరకిలో దాటిపోతుంది. కిలో రేటు పడుతుంది. అలాంటప్పుడు మూడు పంపడమే మేలు. మూడు ప్యాకెట్లు, పెట్టె కలిపినా కిలోలోపే ఉంటుంది. పొడికి 264, పెట్టెకు 15, కొరియర్‌కు 90. ఖర్చు 369. మూడింటినీ కలిపి డెలివరీతో సహా 450కి ఇస్తే 81 రూపాయలు మిగులుతాయి. నాలుగు పెడితే మళ్లీ కిలో దాటి రేటు ఎక్కుతుంది. అందుకే మన సరుకు పేరు 'మూడు ప్యాకెట్ల సెట్'. విడిగా అమ్మొద్దు.

మీ ఊరి ధరలు వేరుగా ఉంటాయి. పద్ధతి మాత్రం ఇదే. ప్యాక్ చేసిన పెట్టెను కాటా మీద పెట్టి, ఆ బరువుకు రేటు అడిగాకే ధర రాయండి. పెట్టె మరీ పెద్దదైతే బరువు తక్కువున్నా సైజును బట్టి చార్జీ వేస్తారు. సరిపడా పెట్టే వాడండి.

దుకాణం ఫోన్‌లోనే

మొదట పెద్ద యాప్‌లకు వెళ్లక్కర్లేదు. సంఘం కోసం విడిగా ఒక సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ యాప్ వేసుకోండి. ఆ యాప్‌కు డబ్బులు కట్టక్కర్లేదు. అందులో కేటలాగ్ ఉంటుంది. ఫొటో, పేరు, బరువు, ధర, ఎన్ని రోజుల్లో చేరుతుందో రాయండి. ఫొటో కిటికీ దగ్గర పగటి వెలుగులో తీస్తే చాలు. క్యాష్ ఆన్ డెలివరీ మాత్రం ఇప్పుడే వద్దు. అవతలివాళ్లు తలుపు దగ్గర వద్దంటే పార్శిల్ తిరిగొస్తుంది, పోను రాను చార్జీ మనకే పడుతుంది.

డబ్బు ఎవరి ఖాతాలోకి?

సంఘాల్లో గొడవ వచ్చేది ఇక్కడే. సంఘం ఖాతా ఇద్దరు ముగ్గురి సంతకాలతో నడుస్తుంది కాబట్టి దానికి యూపీఐ పెట్టుకోవడం కుదురుతుందో లేదో ముందు బ్యాంకులో అడగాలి. కుదరకపోతే ఎవరో ఒక సభ్యురాలి ఖాతాలోనే డబ్బు పడాలి. అలాంటప్పుడు ఆమె ఇంటి ఖర్చుల ఖాతా వాడొద్దు. ఈ పనికే విడిగా ఒక ఖాతా తెరిచి, వారానికోసారి సంఘం ఖాతాకు మార్చాలి. ఆర్డర్ తేదీ, పేరు, వచ్చిన డబ్బు, కొరియర్ ఖర్చు పుస్తకంలో రాసి ప్రతి మీటింగ్‌లో చదవాలి. అప్పుడు ఆమెకూ మాట రాదు, మనకూ అనుమానం రాదు.

ఇంకో మాట. పెద్ద ఆర్డర్ ఇస్తున్నాం, తాము ఆర్మీ ఆఫీసర్లమని ఫోన్ చేసి, డబ్బులు పంపడానికి ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి అంటారు. చేయొద్దు. పిన్ కొట్టేది మన డబ్బు బయటకు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ అవసరమే లేదు. పేమెంట్ చేశామని స్క్రీన్‌షాట్ పంపినా నమ్మొద్దు. మన ఖాతాలో పడిందో లేదో చూశాకే పార్శిల్ కట్టండి. మోసపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ.

కాగితాలు ఏం కావాలి?

తినే వస్తువు అమ్మాలంటే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. చిన్న వ్యాపారానికి పెద్ద లైసెన్స్ కాదు, బేసిక్ రిజిస్ట్రేషన్ సరిపోతుంది. ప్రభుత్వ సైట్ foscos.fssai.gov.in. ఇలాంటి పేర్లతోనే వేరే సైట్లు ఉంటాయి, అవి ఫీజుకు మించి వసూలు చేస్తాయి. చివర gov.in ఉందో లేదో చూసుకోండి. వచ్చిన 14 అంకెల నంబర్‌ను లేబుల్‌పై వేయాలి. దాంతోపాటు ఏమేం వేశారు, బరువు, ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, మన చిరునామా, ఫోన్ నంబర్, శాకాహార గుర్తు ఉండాలి.

జీఎస్టీ విషయంలో ఒక మెలిక ఉంది. ఖమ్మం నుంచి హైదరాబాద్‌కు పంపితే అది మన రాష్ట్రమే. పక్కనే ఉన్న విజయవాడకు పంపితే వేరే రాష్ట్రం. పన్ను ఉన్న సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే, అమ్మకం ఎంత చిన్నదైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలన్నది రూల్. కొన్ని చేతివృత్తుల వస్తువులకు మినహాయింపు ఉంది, మన పొడికి లేదు. కాబట్టి మొదట సొంత రాష్ట్రంలోనే అమ్ముదాం. తర్వాత ఆన్‌లైన్ యాప్‌లలో పెట్టాలనుకున్నా, 2023 అక్టోబర్ 1 నుంచి చిన్న అమ్మకందారులు జీఎస్టీ నంబర్ లేకుండా, పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబర్ తీసుకుని అమ్మొచ్చు. అదీ సొంత రాష్ట్రంలోపలే.

ఇక ఈ వారం పని ఒక్కటే. మూడు ప్యాకెట్లు కట్టి, కాటా వేసి, హైదరాబాద్‌లో ఉన్న మన బంధువుల ఇంటికే ఒక పార్శిల్ పంపుదాం. ఎన్ని రోజుల్లో చేరింది, కవర్ ఎలా ఉంది, ఎంత ఖర్చయింది రాసుకుని వచ్చే మీటింగ్‌కు తెద్దాం. ధర అప్పుడు ఖాయం చేద్దాం.