నాయనా, టీ మానమనడం లేదు

ఈసారి గోడపత్రికకు షుగరు జబ్బు గురించి వ్యాసం రాద్దామని కూర్చున్నాను. రాస్తూ ఉంటే అది మా నాయనకు జాబు అయిపోయింది. ఆయన హోసూరులో దర్జీ. చదివి "అంటించుకో పాపా" అన్నాకే ఇక్కడ పెట్టినాను.

నాయనా,

నేను ఇక్కడ బాగున్నాను. దీపావళి సెలవుల్లో అంగట్లో నీ పక్కన కూర్చుని గుండీలు కుట్టినాను గదా, అప్పుడు నీకు తెలియకుండా ఒక లెక్క రాసుకున్నాను. పొద్దున ఆరుకు ఇంట్లో ఒక టీ, తొమ్మిదికి టిఫిన్‌తో ఒకటి. పదకొండుకు, నాలుగుకు ఫ్లాస్కులో వచ్చేవి రెండు. ఆరింటికి గిరాకీలతో ఒకటి, అంగడి మూసేటప్పుడు ఒకటి. మొత్తం ఆరు. ఒక్కోదానిలో రెండు చెంచాలు అనుకుంటే రోజుకు పన్నెండు.

మా హాస్టల్ వంటింట్లో తూకం వేసి చూసినాను. కాస్త గుబురుగా తీసిన చెంచా చక్కెర 5 గ్రాములు. అంటే నీ టీల్లోనే రోజుకు 60 గ్రాములు, నెలకు 1,800 గ్రాములు. పైన వేసుకునే చక్కెర రోజంతటికీ 25 గ్రాముల లోపల ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది షుగరు లేనివాళ్లకు కూడా.

"అన్నం తగ్గించినా గదా, టీలో ఏముంది?" అంటావు. అన్నం కూరతో, పప్పుతో కలిసి నిదానంగా అరుగుతుంది. టీలో కరిగిన చక్కెరకు ఆ అడ్డు లేదు, తొందరగా రక్తంలోకి ఎక్కుతుంది. ఎక్కింది దిగే లోపల నీకు ఇంకో గ్లాసు వస్తుంది. అందుకే పరగడుపు పరీక్షలో నీ లెక్క అంత చెడ్డగా కనపడలేదు గానీ, మూడు నెలల సగటు చూపే పరీక్షలో 8.6 వచ్చింది. డాక్టరు 7 దగ్గరికి తెమ్మన్నారు.

నాకు భయం వేసింది ఆ అంకెకు కాదు. మిషన్ తొక్కుతుంటే నీ ఎడమ కాలి చెప్పు జారిపోయింది. నేను చెప్పేదాకా నీకు తెలియలేదు. చక్కెర చాలా కాలం ఎక్కువగా ఉంటే నరాలు దెబ్బతిని పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. గుచ్చుకున్న సూది కూడా తెలియదు. ఈసారి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు కాళ్లు చూపించు. అంతవరకు రాత్రి పడుకునే ముందు అమ్మను పాదాలు చూడమను.

టీ మానొద్దు. ఇంటి టీలు రెండూ ముందు ఒకటిన్నర చెంచాకు తేండి. రెండు వారాలకు ఒకటికి, ఇంకో రెండు వారాలకు అరకు. నిదానంగా దించితే నాలుక అలవాటు పడుతుంది. ఒక్కసారిగా మానినవాళ్లు నాలుగో రోజుకే మళ్లీ మొదలుపెడతారు.

అసలు చిక్కు ఫ్లాస్కుతోనే. దానిలో అందరికీ కలిపి ముందే చక్కెర వేసేస్తారు, నీకొక్కడికి తగ్గించడానికి లేదు. టీ కడలో అట్ల కాదు, మాస్టరు గ్లాసు అడుగున మొదట చక్కెర వేసి, ఆపైన పాలు, డికాక్షన్ పోస్తాడు. అందుకని పోయి నిలబడి, ఆయన చెంచా ఎత్తకముందే "చక్కెర కమ్మి" అను. పోవడానికి తీరిక లేని రోజు ఫ్లాస్కు చప్పగా తెప్పించి, చక్కెర పొట్లంలో వేరుగా తెమ్మను. ఎవరికి కావలసింది వాళ్లు కలుపుకుంటారు.

అవ్వ బెల్లం వేసుకోమంటుంది. బెల్లమైనా, తేనె అయినా రక్తంలో అదే పని చేస్తాయి. టీలో తగ్గించి రెండు బిస్కెట్లు ఎక్కువ తిన్నా లాభం లేదు. పాలలో సహజంగా ఉండే చక్కెర ఎట్లా ఉంటుంది, దాని గురించి బెంగపడొద్దు.

ఒక్క జాగ్రత్త. నీ మాత్రల్లో గ్లిమెపిరైడ్ ఉంది. నువ్వు తిన్నా తినకపోయినా అది చక్కెరను దించుతూనే ఉంటుంది. అందుకే టీల్లో చక్కెర తగ్గిస్తున్నావని డాక్టరుకు ముందే చెప్పు, మందు మార్చాలేమో ఆయన చూస్తారు. చేతులు వణికి, చెమటలు పట్టి, ఉన్నట్టుండి ఆకలి దంచితే చక్కెర బాగా పడిపోయిందన్నమాట. అప్పుడు మాత్రం మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి వెంటనే తాగు. పావుగంటకు మిషన్లో చూసుకో. ఇంకా తక్కువే ఉంటే మళ్లీ తాగు. కత్తెర పెట్టె సొరుగులో ఒక పొట్లం ఎప్పుడూ ఉండనీ.

ఈ వారం ఒక రోజు నాలుగింటి టీ ముందు, గంట తర్వాత వేలు గుచ్చి రెండు లెక్కలూ గోడ క్యాలెండర్ మీద రాయి. ఆరు వారాల తర్వాత మళ్లీ అట్లే చూడు. రెండింటికీ నడుమ తేడా తగ్గి ఉంటే నా మాట నిజమని నీకే తెలుస్తుంది. తగ్గకపోతే బిస్కెట్ల డబ్బా సంగతి అమ్మను అడుగుతాను.

పొంగల్‌కు వస్తాను. అంగడి మూసినాక ఇద్దరం టీ కడకు పోదాం. నాకు కూడా చక్కెర కమ్మి.

నీ పాప