ఫొటోలో మసకబారిన ఘాతం

మొన్న రాత్రి మా తమ్ముడి కూతురు వాట్సాప్‌లో నోటుపుస్తకం పేజీ ఫొటో పంపింది. కింద ఒకే ముక్క: "పెదనాన్నా, ఇందులో t ఎలా తీసెయ్యాలి?"

x = t² − 1, y = t³ − t. (3, 6) దగ్గర వక్రం వాలు ఎంత? మూలబిందువు దగ్గర గీసే రెండు స్పర్శరేఖల వాలులు ఎంత? ఇదీ లెక్క. అయితే చెయ్యి నీడ పడి, రెండో సమీకరణంలో t మీదున్న ఘాతం 3నో 2నో మొదట తేలలేదు.

కాగితం మీద నడిచే చీమను ఊహించుకోండి. t గడియారం, ఆ క్షణాన చీమ ఎక్కడుందో x, y చెబుతాయి. t ని తొలగించడమంటే, వేళల సంగతి వదిలేసి అది నడిచిన దారిని మాత్రం రాయడం.

ముందు ఘాతం సంగతి తేల్చాలి. x = 3 కావాలంటే t విలువ 2 గానీ −2 గానీ కావాలి. ఘాతం 3 అయితే t = 2 దగ్గర y = 8 − 2 = 6. సరిపోయింది. చిక్కేమిటంటే, ఘాతం 2 అనుకున్నా t = −2 దగ్గర 4 + 2 = 6 వస్తుంది! అప్పుడు వాలు 5/4 అని తప్పు జవాబు రాసి, సరిచూసుకున్నామనే అనుకుంటాం. మూలబిందువే గుట్టు విప్పింది. అక్కడ రెండు స్పర్శరేఖలుండాలంటే చీమ ఆ చోటికి రెండుసార్లు రావాలి. ఘాతం 3 అయితే t = 1, t = −1 రెండింటికీ y సున్నాయే. 2 అయితే t = 1 కి మాత్రమే. కాబట్టి ఘాతం 3.

ఇక t ని తొలగిద్దాం. t = √(x + 1) అని మొదలుపెడితే ± గుర్తుల గొడవ. దానికన్నా y లోంచి t ని బయటికి తీస్తే y = t(t² − 1), అంటే y = tx. t = y/x ని మొదటి సమీకరణంలో పెడితే

y² = x²(x + 1)

x తో భాగించాం గనక x = 0 ని విడిగా చూడాలి; అక్కడ y = 0, సమీకరణం నిలుస్తుంది.

వాలుకు dy/dt ని dx/dt తో భాగిస్తే చాలు: (3t² − 1)/2t. (3, 6) దగ్గర t = 2 కాబట్టి వాలు 11/4. చాలామంది ఇక్కడ t బదులు x విలువ 3 పెట్టి 13/3 రాసేస్తారు. t లేని సమీకరణాన్ని అవకలనం చేస్తే 2y·dy/dx = 3x² + 2x; అంటే 12·dy/dx = 33. మళ్లీ 11/4 వచ్చింది.

మూలబిందువు దగ్గర అదే సమీకరణం 0 = 0 అని ఊరుకుంటుంది. t ని అడిగితే చెబుతుంది: t = 1 దగ్గర వాలు 1, t = −1 దగ్గర −1. దారి ఉచ్చులా మెలిక తిరిగి తనను తానే దాటింది.

అందుకే లెక్క ఫొటో తీసేటప్పుడు సమీకరణాలతో ఆపకండి, ప్రశ్న చివరి వరకూ పడేలా తీయండి.